"ఎవరు రాసిచ్చిండ్రు?"

మా చిన్నమ్మ కొడుకు మస్కట్‌లో పనిచేస్తాడు. పెళ్లయి ఆరేళ్లయింది. భార్య జగిత్యాల దగ్గర ఊళ్లో వాడి అమ్మతో, పాపతో ఉంటుంది. పోయినేడు పెళ్లిరోజుకి వాడు గంటసేపు కూర్చుని ఫోన్‌లో పెద్ద మెసేజ్ ఒకటి రాసి పంపాడు. దానికి ఆమె నుంచి వచ్చిన జవాబు ఒకటే ముక్క: "ఎవరు రాసిచ్చిండ్రు?"

వాడికి చాలా బాధేసింది. ఎవరూ రాసివ్వలేదు, ఎక్కడా కాపీ కొట్టలేదు. అంతా మనసులో అనుకునే రాశాడు. ఈ ఏడు తారీఖు దగ్గర పడుతుంటే నాకు ఫోన్ చేసి, "అక్కా, ఎక్కడ తప్పు పోయిందో నువ్వన్న చెప్పు" అని ఆ పాత మెసేజ్ పంపాడు. అది ఇదీ:

"ప్రియమైన నా అర్ధాంగికి పెళ్లిరోజు శుభాకాంక్షలు. నేను నిన్ను నా ప్రాణం కంటే ఎక్కువగా ప్రేమిస్తున్నాను. నీవు లేని నా జీవితం అసంపూర్ణం. నా గుండె చప్పుడులో నీ పేరే వినిపిస్తుంది. నా జీవితంలోకి వచ్చినందుకు ధన్యవాదాలు. జన్మజన్మలకూ నీవే నా తోడుగా ఉండాలని కోరుకుంటున్నాను."

చదివితే ఒక్క అక్షర దోషం లేదు. కానీ ఈ ఆరు వాక్యాల్లో ఒక్కటి కూడా వాడు జీవితంలో నోటితో అన్నది కాదు. ఆరేళ్లుగా రోజూ ఫోన్‌లో వాడి గొంతు వింటున్న మనిషికి అది వేరే ఎవరి గొంతులాగానో వినపడటంలో వింతేముంది?

ప్రేమగా నాలుగు మాటలు రాయాలని కూర్చోగానే మనలో చాలామందికి రెండు రకాల తెలుగే చేతికందుతుంది. ఒకటి బళ్లో వ్యాసాలకీ సెలవు చీటీలకీ నేర్చుకున్నది. రెండోది పాటల్లో విన్నది. ఇంట్లో రోజంతా మాట్లాడుకునే మూడోది రాతకు పనికిరాదన్న నమ్మకం లోపలెక్కడో ఉండిపోయింది. దీనికి చరిత్ర ఉంది. మన తాతల ఉత్తరాలు "మహారాజశ్రీ" అనో "చి.ల.సౌ." అనో మొదలై, "ఉభయకుశలోపరి" అంటూ సాగేవి. భార్యకు రాసినా అదే పద్ధతి. మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టి పోరాడి వందేళ్లు దాటింది. పత్రికలు మారాయి, కథలూ నవలలూ మారాయి. ఇద్దరి మధ్య నడిచే ప్రేమ ఉత్తరం దగ్గరికొచ్చేసరికి మాత్రం మన చెయ్యి ఇంకా బిగుసుకుపోతోంది.

ముందు రెండో వాక్యం చూద్దాం, ఎక్కువమందికి తేడా కొట్టేది అక్కడే. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను." ఇది "ఐ లవ్ యూ"ని మాటకు మాట పెట్టి తెలుగులోకి దించిన వాక్యం. తెలుగులో క్రియ చివరే ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది కాబట్టి "నేను" అక్కర్లేదు. "వస్తున్నా" అంటాం గానీ, ఒత్తి చెప్పాల్సిన పని లేకపోతే "నేను వస్తున్నాను" అనం. అదొక చిన్న సంగతి. అసలు చిక్కు "ప్రేమించు" అనే క్రియలో ఉంది. మాటల్లో ఈ క్రియని మనం ఎక్కడ వాడతామో గుర్తు చేసుకోండి. "వాళ్లిద్దరూ ప్రేమించుకున్నారు, ఇంట్లో ఒప్పుకోలేదు." "వాడు కాలేజీలో ఎవరినో ప్రేమించాడట." అంటే పెళ్లికి ముందు నడిచే ఒక వ్యవహారానికి పేరు అది. పదేళ్లు కలిసి కాపురం చేసిన మనిషితో "నిన్ను ప్రేమిస్తున్నాను" అంటే, ఇప్పుడే ధైర్యం చేసి కొత్తగా విషయం బయటపెట్టినట్టు ఉంటుంది. ప్రేమ అన్న నామవాచకంతో ఈ ఇబ్బంది లేదు. "ఎంత ప్రేమగా చూసుకుంటాడో" అని ఏ అత్తగారైనా అంటుంది. క్రియగా మార్చినప్పుడే అది వేరే గదిలోకి వెళ్లిపోతుంది.

మరి తెలుగులో ఆ మాట ఎలా అంటాం? మనకు ఇష్టాలూ, భయాలూ, ఆకలీ, గుర్తులూ అన్నీ "నాకు" ఉంటాయి, "నాకు" వస్తాయి. నాకు ఆకలేస్తోంది, నాకు భయమేసింది, నాకు గుర్తొచ్చింది. మనం వాటిని చెయ్యం, అవి మనకు జరుగుతాయి. ప్రేమ కూడా ఇదే దారిలో వస్తేనే నోటికి పడుతుంది: "నువ్వంటే నాకు చాలా ఇష్టం." ఇంకా లోతుగా చెప్పాలంటే "నువ్వంటే ప్రాణం." ఇక్కడ ఒక సన్నని గీత ఉంది. "వాడికి కూతురంటే ప్రాణం" అని ఊళ్లో ఎవరైనా అంటారు, అది ఇంటి మాట. "నువ్వే నా ప్రాణం" అని తిప్పగానే అది పాట పల్లవిలోకి వెళ్లిపోతుంది. పదం అదే, "అంటే" పోయింది, అంతే.

ఇంకో మాట కూడా చెప్పాలి. "ఐ లవ్యూ" అని అలాగే రాయడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. "లవ్యూ రా", "లవ్యూ అండీ" అని అనుకునే జంటలు ఇప్పుడు ఎందరో. ఆ మాట వాళ్ల నోట్లో నలిగి తెలుగైపోయింది. నా ఉద్దేశంలో, దాన్ని పట్టుబట్టి అనువదించిన వాక్యం కన్నా ఇదే ఎక్కువ తెలుగు.

దూరంగా ఉన్నవాళ్లకి ఇంకో ఇబ్బంది "మిస్ అవుతున్నాను" దగ్గర వస్తుంది. ఆ మాటా వాడుకలో ఉన్నదే, తప్పు లేదు. కానీ ఈ ఒక్క భావానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూస్తే దాన్ని మాత్రమే పట్టుకుని కూర్చోవాలనిపించదు. పాపకి నాన్న మీద బెంగ. పండక్కి నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది. సాయంత్రమైతే ఏం తోచట్లేదు. పొద్దుటి నుంచి ఒకటే గుర్తొస్తున్నావ్. తెలంగాణలో అయితే "యాదికొస్తున్నవ్", "రంది పెట్టుకోకు". వీటిలో దేనికదే వేరు. బెంగలో పసితనం ఉంది, చిక్కిపోవడం ఉంది. తోచకపోవడంలో ఖాళీ చేతులున్నాయి. బోసితనం మనిషిది కాదు, ఇంటిది. తనకెలా ఉందో నేరుగా చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి, ఇంటి మీద పెట్టి చెప్పే మాట అది. మా చిన్నమ్మ కొడుకు రాసిన "నీవు లేని నా జీవితం అసంపూర్ణం" ఇవన్నీ కలిపి చెప్పాలని చూసి, ఏదీ చెప్పకుండా పోయింది.

సినిమా వాసన సంగతికొస్తే, దానికి కారణం పదాలు అందంగా ఉండటం కాదు. పాట రాసేవాళ్లకి ఒక నిర్బంధం ఉంటుంది: అది వినే లక్షల మందిలో ప్రతివాళ్లూ తమ మనిషికి అన్వయించుకోగలగాలి. అందుకే అందులో వెన్నెల, ఊపిరి, గుండె చప్పుడు, జన్మజన్మల బంధం వస్తాయి. అందరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా అది. ట్యూన్ తీసేసి, మామూలు మంగళవారం సాయంత్రం వాట్సాప్‌లో పెడితే వదులుగా వేలాడుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. రాసిన మెసేజ్‌లో పేరు మార్చి పక్కింటాయన తన భార్యకు పంపుకోవచ్చా అని చూసుకోవడమే. పంపుకోగలిగితే అందులో మీ మనిషి ఇంకా లేరన్నమాట. వాడి మెసేజ్‌ని ఈ లెక్కన చూస్తే ఆరు వాక్యాలూ జగిత్యాల జిల్లా మొత్తం పంచుకోవచ్చు.

పదాల ఎంపికలో కూడా కొంత ఉంది. హృదయం, గుండె, మనసు మూడూ ఒకటే అనుకుంటాం గానీ ఇంట్లో వాటి పనులు వేరు. "హృదయం" ఇంట్లోకి రాదు, గుమ్మం బయటే ఉంటుంది. గుండె భయానికీ బాధకీ వస్తుంది: నువ్వు ఫోన్ ఎత్తకపోతే గుండె ఝల్లుమంది. మనసు ఇష్టాయిష్టాలకు వస్తుంది: నిన్నలా వదిలి రావడానికి మనసొప్పలేదు. ఈ చివరి రెండూ ఎంత గట్టి ప్రేమ మాటలో చూడండి, ఒక్క అలంకారం లేకుండా. అలాగే "నీవు". వాడు ఇంట్లో నువ్వు అంటాడు, మెసేజ్‌లో నీవు అన్నాడు. అది చూసే ఆమెకు సగం అనుమానం వచ్చి ఉంటుంది.

పిలుపు దగ్గర అసలు తప్పు చెయ్యకూడదు. అర్ధాంగి, శ్రీమతి, సహధర్మచారిణి, ఇవన్నీ భార్య గురించి ఇంకొకరికి చెప్పే మాటలు. సభలో "మా శ్రీమతి" అంటారు. ఆమెనే పట్టుకుని "శ్రీమతీ" అనరు. ఆ పదాలతో మొదలుపెడితే ఆమెతో మాట్లాడుతున్నట్టు ఉండదు, ఆమెను ఎవరికో పరిచయం చేస్తున్నట్టు ఉంటుంది. రోజూ ఎలా పిలుస్తారో అదే రాయాలి. ఏమండీ అని పిలిచే ఇంట్లో "ఏమండీ" అనే రాయాలి. భర్తను మీరు అనే అమ్మాయి పెళ్లిరోజు కదా అని ఒక్కపూట "నువ్వు"లోకి దిగితే, చదివే ఆయనకు అది చనువుగా కాక కొత్తగా ఉంటుంది. "మీరు"లో ప్రేమ పట్టదని ఎవరన్నారు? "మీరు లేకపోతే నాకు అన్నం సయించదండీ" కన్నా దగ్గరి మాట ఏముంది. మేనరికం చేసుకున్నవాళ్లకి "బావా" అన్న ఒక్క పిలుపు చాలు. బుజ్జీ, బంగారం, కన్నా, నాన్నా... ఏదైనా సరే, నోటితో పిలిచేదైతేనే. మెసేజ్ కోసం కొత్త ముద్దుపేరు పుట్టించకూడదు.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది తెలుగు వాక్యం చివర అంటుకునే చిన్న అక్షరాలు. ప్రేమంతా అక్కడ దాక్కుని ఉంటుంది. "నేను ఉన్నాను" అంటే హాజరు పిలిస్తే పలికినట్టు. "నేనున్నా" అంటే కొంచెం దగ్గరైంది. "నేనున్నాగా" అన్నామనుకోండి, ఆ "గా"లో "ఆ సంగతి నీకు తెలుసు, మర్చిపోయావు, గుర్తు చేస్తున్నా" అన్నదంతా ఉంది. "నేనున్నాలే" అంటే "ఆ బరువు వదిలెయ్, టెన్షన్ పడకు" అని. ఒక్క అక్షరం తేడా. అలాగే "తిను" ఆజ్ఞ. "తినెయ్" అంటే ఆలస్యం చెయ్యకు, నాకోసం చూడకు అని. "వచ్చాక తిందువుగాని" అంటే నీ కోసం పళ్లెం ఉంది, నువ్వు రా అని. ఆఫీసు నుంచి లేటుగా వచ్చేవాళ్లకు "జాగ్రత్తగా రా" అని పంపే రెండు మాటలు, తెలంగాణలో "పైలం" అన్న ఒక్క మాట, ఇవి ప్రేమలేఖలే. స్క్రీన్ మీద తెలుగు టైప్ చేసేటప్పుడు చాలామంది ఈ చివరలను తుడిచేసి, "వస్తాలే"ని "వస్తాను" అనీ, "తిన్నావా మరి"ని "భోజనం చేశావా" అనీ సరిదిద్దుకుంటారు. సరిదిద్దుతున్నామనుకుంటూ తుడిచేసేది ప్రేమనే.

కృతజ్ఞత, క్షమాపణ కూడా ఇలాంటివే. "నా జీవితంలోకి వచ్చినందుకు ధన్యవాదాలు" ఇంగ్లీషు కార్డు మీది వాక్యం. దగ్గరివాళ్లకి మనం ధన్యవాదాలు చెప్పం, చెబితే వాళ్లు నొచ్చుకుంటారు కూడా: "నాకు థాంక్స్ ఏంటి?" అంటారు. దానికి బదులు వాళ్లు చేసిన పనిని మనం చూశామని చెబుతాం. "ఒక్కదానివే ఎలా చేశావ్ ఇదంతా" అన్నదే మన ధన్యవాదం. అలాగే "నన్ను క్షమించు" అంటే నాటకం. "నాదే తప్పు, కోపం పోయిందా?" అంటే మనిషి.

ఇదంతా వాడికి ఫోన్‌లో చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి ఏం రాయాలె అక్కా, నాకు రాయనీకి రాదు" అన్నాడు. రాయడం సంగతి తర్వాత, ఈ ఏడాది ఏం జరిగిందో చెప్పమన్నాను.

చెప్పడం మొదలుపెట్టాక వాడే ఆగలేదు. మార్చిలో చిన్నమ్మ బాత్రూంలో జారిపడితే చెయ్యి విరిగింది. ఆ అమ్మాయి పాపను పక్కింట్లో వదిలి, చిన్నమ్మను కరీంనగర్ తీసుకెళ్లి కట్టు కట్టించింది. వీడికి నాలుగు రోజుల దాకా చెప్పలేదు. అక్కడ ఉండి ఏం చేయగలడు, ఊరికే రంది పెట్టుకుంటాడని. తెలిశాక వీడు ఫోన్‌లో అరిచాడట. ఇంకోటి, వీడి డ్యూటీ రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతుంది. మస్కట్ మనకన్నా గంటన్నర వెనక కాబట్టి మనకు అప్పటికి పదకొండు. పొద్దున ఐదింటికి లేచే మనిషి, ఆ ఫోన్ కోసం రోజూ పదకొండు దాకా మేలుకుని ఉంటుంది. ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి మాట "తిన్నవా?"

ఇంతకన్నా ఏం కావాలి? ఇప్పుడు నాకు చెప్పింది నాకు చెప్పినట్టే ఆమెకు రాయమన్నాను, వాడి మాటల్లోనే, జగిత్యాల మాటల్లోనే. రాసి పంపాడు. మొదటిసారి మళ్లీ "మా అమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లావు" అని రాశాడు. ఇంట్లో ఏమంటావ్ అని అడిగితే "అమ్మను దవాఖానకు తీస్కపోయినవ్" అంటానన్నాడు. అదే రాయమన్నాను. పిలుపు తీసేశాం, ఎందుకంటే వాడు ఆమెను పేరు పెట్టి పిలవడు, నేరుగా మాట్లాడతాడు. శుభాకాంక్షలు కూడా తీసేశాడు, నేను ఉంచమన్నా. "మా ఇద్దరి మధ్య శుభాకాంక్షలేంది" అన్నాడు. నిజమే. చివరికి ఇలా వచ్చింది:

"ఇయ్యాల మన పెళ్లిరోజు, యాదుందా. మార్చిల అమ్మ చెయ్యి విరిగితె ఒక్కదానివే కరీంనగర్ దాక తీస్కపోయినవ్. నాకు నాలుగు దినాల దాక చెప్పనే లేదు. నేను ఒర్లిన. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలే. నేను చెయ్యాల్సిన పని నువ్వు చేసినవ్, పైంగ నాతోని తిట్లు తిన్నవ్. నాదే తప్పు. ఎట్ల చేసినవే ఒక్కదానివే? రోజు పదకొండు దాక మేల్కొని ఉంటవ్, నేను ఫోన్ చేసేదాక. ఇయ్యాల డ్యూటీ నడుమనే చేస్త, నువ్వు తిని జల్ది పండుకో. దసరకు వస్తున్న."

పాత మెసేజ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే ప్రేమ అన్న మాటే ఇందులో లేదు. ప్రాణం లేదు, జన్మ లేదు. "మన" ఉంది, మొదటి వాక్యంలోనే. "నా జీవితం" అని పాతదాంట్లో రెండుసార్లు రాశాడు, ఒక్క "మన" లేదు. వినేవాళ్లను కలుపుకునే "మనం", వదిలేసే "మేము" అని రెండు వేరువేరుగా ఉన్న భాష మనది. భార్యాభర్తల రాతలో ఆ మొదటిది ఎంత పని చేస్తుందో ఇక్కడ తెలుస్తోంది. "ఎట్ల చేసినవే" లోని ఆ "వే" కూడా అంతే, వాడు రోజూ అనే "వే"నే. నిజం చెప్పాలంటే దీనికి ఒక హద్దు కూడా ఉంది. ఇలాంటి మెసేజ్ ఏడాదికి ఒకటో రెండో వస్తుంది, ఎందుకంటే చెప్పడానికి జరిగిన సంగతి కావాలి. రోజూ రాద్దామంటే సంగతులుండవు. మిగతా రోజులకి "తిన్నవా" చాలు, దాన్ని పొడిగించక్కర్లేదు. ఇద్దరికీ కలిపి ఏదైనా పాటతో ఒక జ్ఞాపకం ఉంటే ఆ పాట ముక్క పంపుకున్నా బాగుంటుంది, అప్పుడది సినిమాది కాదు, వాళ్లది.

నేను ఒక వాక్యం చేర్చాను. చివర్లో "నువ్వున్నవనే ధీమాతోనే ఇక్కడ ఉంటున్న" అని. నాకు బాగుందనిపించింది. వాడు చదివి, "మంచిగుంది గని నేను ఇట్ల అననక్కా" అని తీసేశాడు.

పొద్దున పంపాడు. ఆమె చాలాసేపు చదివి వదిలేసినట్టు నీలం టిక్కులు కనిపించాయట, జవాబు లేదు. వాడికి మళ్లీ టెన్షన్. మధ్యాహ్నం రెండింటికి వచ్చింది: "ఏడ్పిచ్చినవ్ పో. తిన్నవా?"